కిలో పెరిగితే లీటరు నీరు: గుండె బలహీనపడ్డవారికి రోజువారీ లెక్క

కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయి, ఏలేశ్వరం మీదుగా అడ్డతీగల బస్సెక్కిన మనిషి చేతిలో ఒక మందుల సంచీ, ఎకో రిపోర్టు, డిశ్చార్జి చీటీ ఉంటాయి. ఇంటికి రాగానే అందరూ మందుల గురించే అడుగుతారు. ఏది పొద్దున వేసుకోవాలి, ఏది రాత్రికి వేసుకోవాలి అని. ఆ చీటీలో ఎవరూ పట్టించుకోని అంకె ఒకటుంది. అది ఆస్పత్రి వదిలిన రోజున ఆ మనిషి బరువు. ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక మిగిలిన బరువు అది. దాన్ని డాక్టర్లు ‘పొడి బరువు’ అంటారు. ఇకమీదట పొద్దున్నే చూసుకునే ప్రతి బరువునూ పోల్చాల్సింది దానితోనే. మీ చీటీలో ఆ అంకె లేకపోతే డాక్టర్ని అడిగి రాయించుకోండి.

ఈ అంకె మీద ఇంత పట్టు ఎందుకంటే, గుండె బలహీనపడ్డవారి ఒంట్లో నీరు ఒక్క రాత్రిలో నిండదు. 2007లో అమెరికా పరిశోధకులు ‘సర్క్యులేషన్’ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. రోజూ ఇంట్లో బరువు చూసుకుంటున్న హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో, ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరిన 134 మందిని, చేరాల్సిన అవసరం రాని మరో 134 మందితో పోల్చారు. చేరినవారి బరువు, చేరడానికి కనీసం వారం ముందే పెరగడం మొదలైంది. ఆ వారంలో సుమారు ఒక కిలో నుంచి రెండుంపావు కిలోల దాకా పెరిగినవారికి ఆస్పత్రి పాలయ్యే అవకాశం, అంతగా పెరగనివారికంటే దాదాపు మూడు రెట్లుంది.

పట్నంలో ఉండేవారికి ఆ వారం పోయినా ఆటో ఎక్కితే పది నిమిషాల్లో ఆస్పత్రి. కొండ మీద పల్లెవాళ్ళకు అలా కాదు. వాగు దాటాలి, రోడ్డు దాకా నడవాలి, లేదా నలుగురు డోలీ మొయ్యాలి. అడ్డతీగల ఆస్పత్రి దాటితే రంపచోడవరం, అదీ దాటితే కాకినాడ. గుండె డాక్టరు ఎంత దూరంలో ఉంటే, ముందుగా దొరికే ఆ ఏడు రోజులు అంత విలువైనవి. వాటిని పట్టుకునే పద్ధతే ఈ కథనం.

నీరు ఎందుకు నిలుస్తుంది

హార్ట్ ఫెయిల్యూర్ అని డాక్టరు చెప్పగానే చాలామంది గుండె ఆగిపోతుందని భయపడతారు. ఆ మాటకు అర్థం, గుండె ఒంటికి కావలసినంత జోరుగా రక్తాన్ని తోడలేకపోతోందని. మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గితే అవి పొరబడతాయి. ఒంట్లో రక్తమే తగ్గిందనుకుని, మూత్రంలో పోవాల్సిన ఉప్పును ఆపేస్తాయి. ఉప్పు ఆగినచోట నీరూ ఆగుతుంది. పెరిగిన నీటిని తోడాల్సింది మళ్ళీ ఆ నీరసించిన గుండే. తోడలేనిది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి, పొట్టలోకి, కాళ్ళలోకి దిగుతుంది. ఊళ్ళో ‘ఒంటికి నీరు పట్టింది’ అంటారు. అది సరైన మాటే.

ఇక్కడ రెండు అంకెలు గుర్తుంచుకుంటే మిగతాదంతా వాటినుంచే వస్తుంది. మొదటిది: ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. తిండి వల్ల వచ్చే కొవ్వుగానీ కండగానీ మూడు రోజుల్లో రెండు కిలోలు పెరగదు. అంత తొందరగా పెరిగిందంటే అది నీరే. రెండోది: ఒంట్లో నిలిచే ప్రతి లీటరు నీటితోపాటు దాదాపు 9 గ్రాముల ఉప్పు నిలుస్తుంది. ఆస్పత్రిలో ఎక్కించే లీటరు సెలైన్‌లోనూ అంతే ఉప్పుంటుంది, ఎందుకంటే దాన్ని మన రక్తపు ఉప్పదనానికి దగ్గరగా ఉండేలా తయారుచేస్తారు. అందువల్ల నీటి లెక్క చూసేవారు ఉప్పు లెక్క వదిలేస్తే సగం పనే అవుతుంది.

బరువు చూసే తీరు

బరువు చూసే మిషన్ మంచిదైతే చాలు, ఖరీదైనది అక్కర్లేదు. అయితే అర కిలో తేడా కూడా కనబడాలి గనక అంకెలు చూపే డిజిటల్ మిషన్ మేలు. మన మన్యపు ఇళ్ళలో వచ్చే మొదటి చిక్కు నేల. అలికిన మట్టి నేల మీద మిషన్ ఒక పక్కకు ఒరిగితే అంకె మారిపోతుంది. ఒక చదునైన నాపరాయి బండో, కదలని మందపాటి చెక్కో చూసి, దాన్ని ఒకచోట పాతినట్టు ఉంచెయ్యండి. రోజూ మిషన్ దానిమీదే, అదే మూలలో.

సమయం పొద్దున లేవగానే. ముందు ఒంటేలుకు వెళ్ళిరావాలి. ఇంకా టీగానీ అంబలిగానీ తాగకూడదు. ఒంటిమీద రోజూ ఒకే మోతాదు బట్టలుండాలి. ఒకరోజు లుంగీతో, మర్నాడు స్వెట్టరూ దుప్పటీతో నిలబడితే ఆ తేడానే అర కిలో చూపిస్తుంది. ఎక్కి కదలకుండా నిలబడి, అంకె ఆగాక చదివి, వెంటనే గోడకు వేలాడే క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. చదువు రానివారికి ఇంట్లో బడికెళ్ళే పిల్లలు రాయగలరు. నోటితో గుర్తుంచుకున్న బరువు రెండో వారానికి పనికిరాదు.

మిషన్ దొరకనివారు ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా కార్యకర్త సాయంతోనో వారానికి రెండుసార్లయినా, ఎప్పుడూ ఒకే మిషన్ మీద చూపించుకోండి. మిగతా రోజులకు ఒంటిమీదే కొన్ని కొలతలున్నాయి. మగవాళ్ళకు మొలతాడు, ఆడవాళ్ళకు కాలి పట్టీలు. నిన్నటిదాకా వేలు దూరిన మొలతాడు ఇవాళ చర్మానికి ఒత్తుకుంటూ గీత పడుతోందంటే పొట్టలో నీరు చేరుతూ ఉండొచ్చు. పట్టీలు పైకి జరగడం మానేసినా, చెప్పుల పట్టీ అచ్చు పాదం మీద ముద్రలా మిగిలినా అలాగే చూడాలి. ఇవి బరువంత తొందరగా చెప్పలేవు. కానీ ఏమీ చూడకపోవడం కంటే ఎంతో మేలు.

ఒక ఇంటి క్యాలెండరు

లెక్క ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. యాభై ఎనిమిదేళ్ళ రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున పొడి బరువు 54 కిలోలు. మొదటి నాలుగు రోజులూ క్యాలెండరులో 54.0, 54.2, 53.9, 54.1 ఉన్నాయి. ఇలా రెండు మూడు వందల గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. మలం, ముందురోజు తిండి, చెమట ఇవన్నీ ఆ మాత్రం తేడా తెస్తాయి. దానికి కంగారు అక్కర్లేదు.

అప్పుడే మామిడి పండుగ వచ్చింది. చుట్టాలొచ్చారు. రెండు పూటలా ఉప్పు చేప పులుసు, కొత్త ఊరగాయ, మజ్జిగ. అయిదో రోజు బరువు 54.8. పండగ భోజనం కదా అనుకున్నారు. ఆరో రోజు 55.4. ఏడో రోజు 56.2.

నాలుగో రోజు 54.1తో పోలిస్తే మూడు రోజుల్లో 2.1 కిలోలు పెరిగాయి. అంటే రెండు లీటర్ల పైచిలుకు నీరు. దాంతోపాటు ఒంట్లో ఆగిన ఉప్పు దాదాపు 19 గ్రాములు, తలకొట్టిన చెంచాతో నాలుగు చెంచాలకు దగ్గర. అయినా ఆ పొద్దున ఆయనకు పెద్ద ఇబ్బంది లేదు. ఆయాసం లేదు. కాళ్ళు పట్టి చూస్తేగాని వాపు తెలియదు. ‘బాగానే ఉన్నాను’ అని చేనుకు వెళ్ళబోతాడు. సరిగ్గా ఇక్కడే బరువు అంకె మాటకు విలువివ్వాలి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే డాక్టరును కలవాలన్నది యూరప్ గుండె వైద్యులు అనుసరించే హద్దు. అమెరికాలో మరికాస్త ముందే, ఒక్కరోజులో కిలో, కిలోన్నర పెరిగినా, వారంలో రెండు కిలోలు దాటినా చెప్పమంటారు. మీ డాక్టరు మీ ఒళ్ళు చూసి వేరే హద్దు చెప్పి ఉంటే అదే మీది.

ఆ రోజే అడ్డతీగల ఆస్పత్రికి క్యాలెండరు కాగితంతో సహా వెళితే, డాక్టరు ఛాతీ విని, కాళ్ళు చూసి, రక్తపోటు కొలిచి, నీరు తీసే మాత్ర మూడు రోజులపాటు ఎక్కువ మోతాదులో వేసుకోమనవచ్చు. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు కూడా చేయిస్తారు, ఎందుకంటే ఆ మాత్ర నీటితోపాటు లవణాలనూ బయటికి పంపుతుంది. మందు పనిచేస్తే ఎనిమిదో రోజు 55.6, తొమ్మిదికి 54.9, పదికి 54.3. మళ్ళీ పాత మోతాదు. ఒక మాత్రతో, ఒక బస్సు టికెట్టుతో తీరిపోయిన పని ఇది. ఇదే మనిషి బరువు చూడకుండా ఇంకో అయిదారు రోజులు గడిపి ఉంటే, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చునేవాడు. అప్పుడు సూదిమందు, ఆక్సిజన్, మంచం, ఇంటిల్లిపాదికీ పరుగు.

మోతాదు మీకై మీరు పెంచుకోవద్దు. కొందరు డాక్టర్లు ‘బరువు ఇంత దాటితే ఇన్ని రోజులు ఇంత అదనం’ అని ముందే చీటీ మీద రాసిస్తారు. దూరపు ఊళ్ళవాళ్ళు ఆ చీటీ అడిగి తెచ్చుకోవడం మంచిది. అది చేతిలో ఉంటేనే ఇంట్లో మోతాదు మార్చాలి.

నిన్నటితో పోల్చకండి

ఇంట్లో బరువు చూసుకునేవారు ఎక్కువగా చేసే పొరపాటు, ఇవాళ్టి అంకెను నిన్నటితో పోల్చుకోవడం. 54.0, 54.2, 54.3, 54.5, 54.7. ఏ రోజు చూసినా పెరిగింది వంద, రెండు వందల గ్రాములే. రెండు వారాలకు 56 దాటుతుంది. ఏ ఒక్కరోజూ అనుమానం రాదు. అందుకే క్యాలెండరు పైన ఎర్ర సిరాతో పొడి బరువు రాసిపెట్టి, ప్రతి అంకెనూ దానితోనే పోల్చాలి. దానికంటే రెండు కిలోలు ఎక్కువైతే, అది మూడు రోజుల్లో పెరిగినా ఇరవై రోజుల్లో పెరిగినా, డాక్టరుకు చూపించాల్సిందే.

రెండో చిక్కు ఇంకా మెల్లగా వస్తుంది. జబ్బు పాతబడే కొద్దీ ఆకలి తగ్గి కండ కరుగుతుంది. మూడు నెలల్లో కండ రెండు కిలోలు తగ్గి, నీరు రెండు కిలోలు పెరిగితే మిషన్ అదే 54 చూపిస్తుంది. బరువు నిలకడగా ఉందనిపిస్తుంది, కానీ కాళ్ళు ఉబ్బి చెంపలు లోతుకు పోతాయి. అందుకని డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ‘ఇప్పుడు నా పొడి బరువు ఎంత?’ అని అడిగి కొత్త అంకె వేయించుకోవాలి.

ఒక హద్దు కూడా ఒప్పుకోవాలి. కొందరికి బరువు కిలో కూడా పెరగకుండానే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కాబట్టి బరువు బాగానే ఉందన్న ధైర్యంతో ఆయాసాన్ని తోసిపుచ్చకూడదు. బరువుతోపాటు రోజూ రెండు ప్రశ్నలు వేసుకోండి. నిన్న ఎక్కిన మిట్ట ఇవాళ మధ్యలో ఆగకుండా ఎక్కగలిగానా? నిన్న ఒక దిండుతో పడుకున్నవాణ్ణి రాత్రి రెండో దిండు అడిగానా? ఈ రెండింటిలో ఏ ఒక్కదానికి జవాబు మారినా, బరువు మారినట్టే లెక్క.

బొటనవేలి పరీక్ష

వాపు చూడటానికి సరైన చోటు చీలమండ పైన, ముందువైపు ఎముక మీద. అక్కడ చర్మం కింద ఎముకే గనక నీరుంటే దాక్కోలేదు. బొటనవేలితో గట్టిగా నొక్కి, మెల్లగా పది దాకా లెక్కపెట్టి తీయండి. మామూలు కాలైతే చర్మం వెంటనే పైకి లేస్తుంది. నీరుంటే వేలి గుంట అలాగే మిగులుతుంది. గుంట ఎంత లోతు, పూడడానికి ఎంతసేపు పట్టింది, వాపు ఎక్కడిదాకా వచ్చింది, పాదమా, పిక్కా, మోకాలా, ఈ మూడూ క్యాలెండరులో బరువు పక్కన రాస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం. రోజూ మంచంలోనే ఉండేవారికి నీరు కాళ్ళలోకి కాక నడుము కింది భాగానికి దిగుతుంది. వాళ్ళకు అక్కడ నొక్కి చూడాలి.

కాలిలో గుంట పడేసరికే ఒంట్లో రెండు మూడు లీటర్ల అదనపు నీరు చేరి ఉంటుంది. వాపు కనబడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అందుకే బరువు ముందు, వాపు తర్వాత.

వాపు సాయంత్రానికి పెరిగి తెల్లారేసరికి తగ్గుతుంది. తగ్గింది కదా అని చాలామంది సంతోషిస్తారు. కానీ ఆ నీరు ఎటూ పోలేదు. పగలంతా కాళ్ళలో నిలిచినది, పడుకోగానే తిరిగి రక్తంలోకి వస్తుంది, అక్కడినుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. నిద్రపట్టిన గంట రెండు గంటలకు ఉక్కిరిబిక్కిరై లేచి, వాకిట్లోకి వచ్చి కూర్చుంటే తేలికపడడానికి కారణం అదే. పొద్దున కాళ్ళు సన్నబడి, రాత్రి ఊపిరి ఆడకపోతుంటే ఆ రెండూ ఒకే నీటి పనే.

కాళ్ళవాపు ప్రతిదీ గుండెది కాదన్న సంగతి మన ఏజెన్సీకి కొత్త కాదు. 2016లో వి.ఆర్.పురం, చింతూరు వైపు పల్లెల్లో కాళ్ళు ఉబ్బి గిరిజనులు చనిపోయిన వార్తలు రాష్ట్రమంతా చదివింది. రక్తహీనతలోనూ, మూత్రపిండాల జబ్బులోనూ, కాలేయం చెడినా కాళ్ళు ఉబ్బుతాయి. పొద్దున లేవగానే ముఖం, కంటి రెప్పలు ఉబ్బితే మూత్రపిండాలను అనుమానించాలి. ఒక్క కాలే ఉబ్బి, చర్మం దళసరిగా గట్టిపడితే బోదకాలు కావచ్చు. ఒక్క కాలే ఉన్నట్టుండి నొప్పితో ఉబ్బితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అది అదేరోజు చూపించాల్సిన సంగతి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర కూడా కొందరికి కాళ్ళు ఉబ్బిస్తుంది. గుండె వాపు సాధారణంగా రెండు కాళ్ళకూ సమానంగా, సాయంత్రం ఎక్కువగా, బరువు పెరుగుదలతో కలిసి వస్తుంది.

ఉప్పు ప్యాకెట్టు చెప్పే నిజం

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే తలకొట్టిన ఒక టీ చెంచా. కూర, చారు, అంబలి, ఊరగాయ, అన్నీ కలిపి అంతే. కానీ వంటింట్లో ఎవరూ గ్రాములు తూచి వెయ్యరు. దీనికి తేలికైన ఉపాయం ఉంది. కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజున దానిమీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు, అంటే ప్యాకెట్టు 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతే మనిషికి 10 గ్రాములు పడుతున్నట్టే. ఊరగాయ పెట్టడానికి, చేపలకు పట్టించడానికి తీసిన ఉప్పును ఈ లెక్కలో కలపకండి. కల్లుప్పయినా మెత్తని ఉప్పయినా లెక్క ఒకటే.

ఇంట్లో ఒకరికోసం వేరే కూర వండటం రోజూ జరిగే పని కాదు. అందరి కూరలోనూ ఉప్పు సగానికి తగ్గించి, కావలసినవారు కంచంలో కలుపుకుంటే సరిపోతుంది. రోగి కంచం పక్కన మాత్రం ఉప్పు గిన్నె ఉండకూడదు. చింతపండు, నిమ్మకాయ, మిరియాలు, వెల్లుల్లి ఉప్పు లోటు కొంత కప్పుతాయి. నాలుక రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపను మానేయడమే మంచిది. మానలేనివారు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు రెండుసార్లు పారబోసి, ఉప్పు వెయ్యకుండా వండుకుంటే కొంత నయం. ‘తక్కువ సోడియం’ అని అమ్మే ఉప్పు జోలికి డాక్టరును అడగకుండా పోవద్దు. అందులో పొటాషియం ఉంటుంది. గుండెకు ఇచ్చే కొన్ని మందులు అసలే పొటాషియాన్ని పెంచుతాయి, రెండూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు.

ఉప్పును మరీ సున్నా చేయాలని పట్టుబట్టక్కర్లేదు. 2022లో ‘లాన్సెట్’లో వచ్చిన సోడియం-హెచ్‌ఎఫ్ పరిశోధనలో 806 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు సోడియం 1.5 గ్రాముల లోపు, అంటే దాదాపు 4 గ్రాముల ఉప్పు లోపు, ఉండేలా భోజనం నేర్పారు. ఆస్పత్రి చేరికల్లోగానీ మరణాల్లోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండో జట్టువాళ్ళూ విచ్చలవిడిగా తినలేదు. దీన్నిబట్టి, 10 గ్రాముల నుంచి 5కు దిగడం మన పని. ఉప్పులేని చప్పిడి తిండితో ఆకలి చంపుకోవడం కాదు.

నీళ్ళ సీసా

నీళ్ళు తాగడంలో అందరికీ ఒకే కొలత లేదు. జబ్బు ముదిరినవారికి, రక్తంలో సోడియం తగ్గినవారికి డాక్టర్లు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల హద్దు పెడతారు. నిలకడగా ఉన్నవారి సంగతి 2025లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఫ్రెష్-అప్ పరిశోధన తేల్చింది. 504 మందిలో సగం మందికి లీటరున్నర హద్దు పెట్టి, మిగతావారిని దాహాన్నిబట్టి తాగనిచ్చారు. మూడు నెలల తర్వాత ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, హద్దు పెట్టినవారు దాహంతో ఎక్కువ బాధపడ్డారు. కాబట్టి డాక్టరు హద్దు చెప్పకపోతే దాహానికి తగినంత తాగండి, పట్టుబట్టి లీటర్లకు లీటర్లు తాగొద్దు. హద్దు చెబితే దాన్ని కొలిచి పాటించండి.

కొలవడానికి ఒక సీసా చాలు. పొద్దున్నే లీటరున్నర నీళ్ళు పట్టి పెట్టుకోండి. నీళ్ళు ఆ సీసాలోంచే తాగాలి. టీ తాగితే అంతే నీళ్ళు సీసాలోంచి మొక్కకు పోయండి. పొద్దున టీ 100 మిల్లీలీటర్లు, రెండు గ్లాసుల రాగి అంబలి 500, మధ్యాహ్నం చారు 150, మజ్జిగ 200, సాయంత్రం టీ 100. మొత్తం 1,050. సీసాలో మిగిలింది 450, అంటే రెండు గ్లాసుల నీళ్ళు. మన ఇళ్ళలో హద్దు దాటించేది మంచినీళ్ళ చెంబు కంటే అంబలి, గంజి, చారే అని ఇలా పోసి చూస్తేగాని తెలియదు. గంజిలో, అంబలిలో ఉప్పు వేస్తే అది రెండు ఖాతాల్లోనూ పడుతుంది. జీలుగు కల్లు కూడా ఈ లెక్కలోనిదే. పైగా సారా అయినా కల్లయినా గుండె కండరాన్ని బలహీనపరుస్తాయి, కాబట్టి వాటిని తగ్గించడం కాదు, మానేయాలి. దాహానికి నోరు పుక్కిలించడం, నిమ్మ చెక్క చప్పరించడం పనికొస్తాయి.

నీరు తీసే మాత్ర వేళ కూడా ఇందులో భాగమే. లాసిక్స్ అన్న పేరే ఆ మందు ఆరు గంటలు పనిచేస్తుందని చెప్పే ఇంగ్లీషు మాటలనుంచి వచ్చింది. వేసుకున్న గంటలోపే మూత్రం మొదలవుతుంది. అందుకే పొద్దున వేసుకోవాలి, రెండో పూటది ఉంటే సాయంత్రం నాలుగు దాటకుండా చూసుకోవాలి. సంతకో, బస్సు ప్రయాణానికో వెళ్ళే రోజున దారిలో ఇబ్బందని చాలామంది ఆ పూట మాత్ర ఎగ్గొడతారు. ఎగ్గొట్టకుండా, తిరిగొచ్చాక మధ్యాహ్నం వేసుకోవచ్చా అని డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి.

సెలైన్ బాటిల్, నొప్పుల సూది

లెక్క అంతా సరిగ్గా చూసుకున్నా, రెండు అలవాట్లు దాన్ని ఒక్కరోజులో తారుమారు చేస్తాయి. నీరసంగా ఉందని ఊళ్ళో డాక్టరు దగ్గర సెలైన్ పెట్టించుకోవడం మొదటిది. అర లీటరు సెలైన్ బాటిల్‌లో 4.5 గ్రాముల ఉప్పుంటుంది. రోజు మొత్తం తినాల్సిన ఉప్పు, అర లీటరు నీటితో కలిసి గంటలో నేరుగా రక్తంలోకి వెళుతుంది. రెండోది ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్ బిళ్ళ. ఇవి మూత్రపిండాల్లో ఉప్పును ఆపి, నీరు తీసే మాత్రను పనిచెయ్యనివ్వవు. నొప్పికి పారాసెటమాల్ మామూలు బిళ్ళ చాలు. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే బిళ్ళలో సోడియం ఉంటుంది, అది వద్దు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు చెప్పాల్సిన మాట: ‘నాకు హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, నీరు తీసే మాత్ర వాడుతున్నాను.’

లెక్క రెండోవైపుకూ తప్పవచ్చు. విరేచనాలు పట్టుకున్నా, వాంతులైనా, ఎండాకాలం చేనులో చెమటలు కారినా బరువు పొడి బరువుకు కిందికి పోతుంది. 54 కిలోల మనిషి 52కు దిగి, లేచి నిలబడితే కళ్ళు తిరిగి, మూత్రం ముదురు పసుపుగా కొద్దిగా వస్తుంటే ఒంట్లో నీరు చాలడంలేదు. అప్పుడు నీరు తీసే మాత్ర అలాగే కొనసాగిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అదేరోజు డాక్టరును కలిసి, ఏ మందులు ఎన్నాళ్ళు ఆపాలో అడగాలి. పెరిగితేనే కాదు, తగ్గినా క్యాలెండరు చూపించాలి.

ఎప్పుడు ఆగకూడదు

మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, వాపు పిక్క దాటినా, కొత్తగా రెండో దిండు అవసరమైనా, పొట్ట ఉబ్బి అన్నం సగంలోనే చాలనిపించినా, అది ఆరోజో మర్నాడో డాక్టరును కలవాల్సిన పని. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గితే గులాబీ రంగు నురుగు రావడం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, మాట తడబడి మనిషి అయోమయంలో పడటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే 108కు ఫోన్ చెయ్యాలి. అంబులెన్సు ఊరిదాకా రాలేకపోతే మోసుకెళ్ళేటప్పుడు ఒక సంగతి మరవకండి. ఊపిరాడని మనిషిని డోలీలో వెల్లకిలా పడుకోబెడితే కాళ్ళ నీరంతా ఊపిరితిత్తుల్లోకి వచ్చి ఆయాసం రెట్టింపవుతుంది. కుర్చీకి కర్రలు కట్టి, కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి మొయ్యండి.

ఈ జాగ్రత్తలేవీ మందులకు బదులు కావు. తేలిగ్గా ఉందని మందులు ఆపినవాళ్ళకే నీరు తొందరగా తిరిగొస్తుంది. రేపు పొద్దున ఒంటేలుకు వెళ్ళొచ్చి, టీ తాగకముందు మిషన్ ఎక్కండి. వచ్చిన అంకెను క్యాలెండరులో రేపటి గడిలో రాయండి. మీ గుండె డాక్టరు అంత దూరం నుంచి మీ ఒంట్లో నీటిని చూడలేరు, ఆ గడిలో అంకె చూసి మాత్రం చెప్పగలరు.